పావురాల వేళ్ళు ఊడేది జబ్బుతో కాదు, దారంతో

ప్రశ్న: "మాది తిరుపతిలో బైరాగిపట్టెడ. మా బాల్కనీకి వచ్చే పావురాల్లో చాలావాటికి ఒకటో రెండో కాలివేళ్ళు లేవు. ఒకటైతే వారం నుంచి కుంటుతోంది, పాదం వాచిపోయింది. ఇదేమైనా అంటుజబ్బా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది. మా అత్తమ్మ మాత్రం ఊళ్ళో కాకులు, పావురాలు, కోతులు మనకన్నా దర్జాగా బతుకుతున్నాయి, వాటికేం లోటు అంటుంది. నిజమేనా?"

జవాబు:

అంటుజబ్బు కాకపోవచ్చమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే కాలికి దారం చుట్టుకుని ఉండే అవకాశమే ఎక్కువ. నేను పశువైద్యుడిగా చేసి రిటైర్ అయ్యాను. ఇప్పటికీ దెబ్బ తగిలిన పక్షుల్ని ఇంటికి తెస్తూనే ఉంటారు. అందులో పావురాలే ఎక్కువ, పావురాల్లో కాళ్ళకి దారం పడినవే ఎక్కువ. ముందు మీ పావురం సంగతి చెప్తాను. మీ అత్తమ్మగారి మాటకి జవాబు కూడా చాలావరకు అందులోనే ఉంది.

దారం అవునో కాదో తెలుసుకోవాలంటే అది గోడ మీద కదలకుండా ఉన్నప్పుడు ఫోన్‌లో జూమ్ చేసి ఫోటో తీయండి. దారం అయితే వాపు ఒక గీత దగ్గర ఆగిపోతుంది. గీతకి పాదం వైపు వేలు మామూలుగా ఉంటుంది, కొస వైపు ఉబ్బి ఉంటుంది. రెండు వేళ్ళు విడివిడిగా కదలకుండా అతుక్కున్నట్టు కనబడతాయి. అదే అమ్మవారు సోకిన పావురమైతే ముక్కు మూలల్లో, కళ్ళ చుట్టూ, కాళ్ళ మీద గోధుమరంగు పొక్కులు లేస్తాయి. అరికాలిలో చీము పట్టినదైతే పాదం కింది భాగంలో నల్లటి పక్కు కడుతుంది, వేళ్ళు బాగానే ఉంటాయి. ఈ తేడా ముఖ్యం. దారానికి మందు పనిచేయదు, తీసేయడం ఒక్కటే దారి.

మరి పావురానికే ఎందుకిలా? అది ఊళ్ళో ఇంతగా స్థిరపడడానికి కారణం ఏదో, వేళ్ళు పోగొట్టుకోవడానికి కారణం కూడా అదే. పావురం పుట్టుకతో కొండపక్షి. రాతి కొండల అంచుల్లో, గుహల్లో గూడు పెట్టుకునే జాతి. చెట్టుకొమ్మల మీద ఉండడం దానికి పెద్దగా అలవాటు లేదు. అందుకే గుడి గోపురం, ఫ్లైఓవర్ కింది గట్టు, మీ ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక సందు, అన్నీ దాని లెక్కలో కొండ అంచులే. మన కాంక్రీటు ఊరు దానికి కొత్త చోటులా అనిపించదు. పిల్లల తిండికి కూడా దానికి పురుగులతో పనిలేదు. ఆడది, మగది రెండూ గొంతులోని సంచి గోడల నుంచి ఒక చిక్కటి పదార్థం ఊరించి పిల్లల నోట్లో పోస్తాయి. దాన్ని పావురం పాలు అంటారు. పెద్దవాటికి నాలుగు గింజలు దొరికితే చాలు, ఆ పాలు వస్తాయి. కాబట్టి వానాకాలం, ఎండాకాలం అని చూడకుండా ఏడాది పొడవునా రెండేసి గుడ్లు పెడుతూనే ఉంటాయి. పద్దెనిమిది రోజులు పొదిగితే పిల్లలు వస్తాయి, ఇంకో నెలకి ఎగిరిపోతాయి.

కానీ ఆ గింజల కోసం అది నేల మీద నడవాలి. కాకిలా గెంతదు, పిచ్చుకలా తుర్రుమనదు. అడుగులో అడుగు వేసుకుంటూ, పాదాన్ని నేలకి ఈడ్చినట్టుగా నడుస్తుంది. అదీ ఎక్కడ? మనుషులు తినేచోట, పారేసేచోట. తిరుపతిలో అలాంటిచోట నేల మీద ఏముంటుందో ఒకసారి వంగి చూడండి. పూలమాలల నుంచి తెగిన దారం ముక్కలు, మిఠాయి పొట్లాల దారం, బస్తాలు కుట్టిన నైలాన్ పోగులు, తల వెంట్రుకలు. నడుస్తుంటే ఆ దారం మూడు ముందువేళ్ళలో ఏదో ఒకదానికి మెలిక పడుతుంది. ఇంకో అడుగుతో రెండో మెలిక. పక్షి ముక్కుతో లాగితే ముడి ఇంకా బిగుస్తుంది.

తర్వాత జరిగేది నెమ్మదిగా జరుగుతుంది, అదే అసలు బాధ. ముందు వేలి నుంచి వెనక్కి వచ్చే రక్తం ఆగుతుంది, లోపలికి వెళ్ళే రక్తం మాత్రం వెళ్తూనే ఉంటుంది. దాంతో వేలు ఉబ్బుతుంది. ఉబ్బిన చర్మం దారం మీదికి వచ్చేసి దాన్ని కప్పేస్తుంది. ఈ దశలో పైకి చూస్తే దారమే కనబడదు, అందుకే చాలామంది జబ్బు అనుకుంటారు. ఇంకా బిగిస్తే లోపలికి వెళ్ళే రక్తం కూడా ఆగిపోతుంది. వేలు నల్లబడి, ఎండి, కొన్ని వారాలకి ఊడి పడిపోతుంది. మీరు చూసిన వేళ్ళు లేని పావురాల్లో చాలావరకు ఈ దశ దాటి బతికి బయటపడ్డవే. బయటపడనివి మీ బాల్కనీకి రావు. రెండు కాళ్ళకీ కలిపి ఒకే దారం పడితే అది సంకెళ్ళు వేసినట్టే. నడవలేదు, అంచు మీద వాలినప్పుడు నిలదొక్కుకోలేదు, కొన్ని రోజుల్లో ఆకలితో పోతుంది. వేళ్ళు పోయిన మగపావురానికి జతకట్టేటప్పుడు ఆడదాని వీపు మీద నిలబడడమే కష్టం.

ఒకప్పుడు ఇదంతా రెట్టల్లో నిలబడి ఇన్ఫెక్షన్ రావడం వల్ల అనుకునేవారు. 2019లో పారిస్‌లో చేసిన ఒక పరిశోధన వచ్చింది. క్షౌరశాలలు ఎక్కువున్న వీధుల్లో పావురాలకి వేళ్ళు ఎక్కువగా ఊడిపోయాయని, పచ్చదనం ఎక్కువున్న చోట్ల తక్కువని అందులో తేలింది. ఇది చెప్పగానే మనవాళ్ళు ఠక్కున కల్యాణకట్ట అంటారు. నేను అలా అనను. తిరుమలలో తీసిన తలనీలాలు విలువైనవి, వాటిని జాగ్రత్తగా పోగుచేసి వేలం వేస్తారు. వీధుల్లో సెలూన్లు ఊడ్చి చెత్తకుప్పలో పోసే వెంట్రుకలు అలా కాదు, గాలికి లేచి కాలవగట్టున పడతాయి. వెంట్రుక చాలా చెడ్డది. త్వరగా కుళ్ళదు, సులువుగా తెగదు, కంటికి ఆనదు. అయినా నేను విప్పిన కాళ్ళలో ఎక్కువగా కనబడింది పూలదారమే. మాలలు అరటినారతో కట్టినప్పుడు ఇంత సమస్య లేదు, నార ఎండితే పెళుసై విరిగిపోతుంది. నూలు, దానికన్నా నైలాన్ కలిసిన దారం అలా కాదు.

ఒక కాలు గురించి వివరంగా చెప్తాను, మీ పావురానికి పనికొస్తుంది. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టే ఒకావిడ తన కొంగులో చుట్టుకుని ఒక పావురాన్ని తెచ్చింది. "సార్, నేను కట్టే దారమే దీని కాలికి పడింది, చూడండి" అంది. నిజంగానే కుడికాలి నడివేలు, లోపలివేలు కలిపి బిగుసుకుపోయి ఉన్నాయి. మట్టి, రెట్ట పట్టి దారం నల్లటి పక్కులా మారింది. లోపలివేలు కొస అప్పటికే నల్లగా, గట్టిగా ఉంది. నడివేలు ఊదారంగులో ఉబ్బి ఉంది కానీ తాకితే వెచ్చగా ఉంది. వెచ్చగా ఉందంటే ఇంకా ప్రాణం ఉన్నట్టు.

పాతతువ్వాలుతో తలతో సహా కప్పేశాం. చీకటి పడితే పక్షి సగం గొడవ మానేస్తుంది. పట్టుకునేటప్పుడు రొమ్ము నొక్కకూడదు. పక్షులకి మనలాగా ఊపిరికి ఉదరవితానం ఉండదు, రొమ్ము ఎముక పైకీ కిందికీ కదిలితేనే గాలి ఆడుతుంది. గట్టిగా అదిమితే చేతిలోనే పోతుంది. రెక్కల మీదుగా వదులుగా పట్టుకుని పాదాన్ని గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో పది నిమిషాలు ఉంచాం. పక్కు మెత్తబడి దారం పైకి తేలింది. సన్నమొన కత్తెరతో ఒక్కొక్క చుట్టుని ఒకచోట కత్తిరించి, ట్వీజర్‌తో ఆ ముక్కని మాత్రమే తీశాను. పొడుగు దారాన్ని పట్టి లాగితే అది వేలిని రంపంలా కోస్తుంది, అలా ఎప్పుడూ చేయకండి. నూలు మొత్తం వచ్చాక కూడా నడివేలు మొదట్లో గాడి అలాగే ఉంది. భూతద్దం పెట్టి చూస్తే ఆ గాడిలో ఒక వెంట్రుక. దానికి కత్తెర మొన దూరదు. టైలర్ల దగ్గర కుట్లు విప్పే చిన్న కత్తి ఉంటుంది చూశారా, దాని బొడిపె చర్మం వైపు ఉండేలా దూర్చి ఎత్తితే తెగింది. దారం వచ్చేసింది కదా అని ఇక్కడే ఆపేసేవాళ్ళు చాలామంది. కింద రెండో పొర ఉండడం మామూలే.

కొంచెం రక్తం వచ్చింది. మూడొందల గ్రాముల పావురంలో ఉండే రక్తమంతా కలిపి పాతిక మిల్లీలీటర్ల చిల్లర. మనకి లెక్కలేని రెండు మూడు మిల్లీలీటర్లు దానికి పెద్ద నష్టం. అందుకని దూది పెట్టి కదలకుండా ఐదు నిమిషాలు నొక్కాను, ఆగిపోయింది. నీళ్ళు కలిపి పలచన చేసిన అయోడిన్ ద్రావణం రాసి, నల్లబడ్డ కొసని ముట్టుకోకుండా వదిలేశాను. చచ్చిన భాగం దానంతటదే ఎండి రాలిపోతుంది. తొందరపడి కోస్తే బతికున్న చోట గాయం అవుతుంది. మర్నాటికి నడివేలు రంగు తిరిగింది. లోపలివేలి కొస రాలిపోయింది. ఆవిడే అట్టపెట్టెలో పెట్టి గింజలు, నీళ్ళు పెట్టి చూసుకుని వదిలేసింది. ఇప్పుడు ఆవిడ బల్ల కింద తెగిన దారం వేయడానికి ఒక పాలడబ్బా ఉంటుంది. పక్క దుకాణం వాళ్ళకీ అదే చెప్తోంది.

నొప్పి తగ్గాలని మన మాత్రలు మాత్రం వేయకండి. పక్షులకి మోతాదు వేరు, కొన్ని మందులు విషమే. పశువులకి వాడిన డైక్లోఫెనాక్ రాబందుల్ని ఎలా తుడిచిపెట్టిందో మన దేశం చూసింది.

ఇక మీ అత్తమ్మగారి మాట. బాల్కనీ నుంచి చూస్తే అలాగే అనిపిస్తుంది, తిండికి లోటు లేదు కాబట్టి. కోతుల విషయంలో మాత్రం ఆవిడ మాట ఎంత తప్పో చెప్పకుండా ఉండలేను.

మన కొండ మీద, కపిలతీర్థం దగ్గర ఉండే కోతి నెత్తి మీద టోపీ పెట్టినట్టు జుట్టు ఉండే పొడుగుతోక కోతి. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అడవిలో ఇది మర్రి, రావి, మేడి, జువ్వి పళ్ళు, చిగుళ్ళు, పురుగులు ఏరుకుని తింటుంది. అందుకు రోజులో చాలా భాగం పోతుంది. ఘాట్ రోడ్డు మలుపులో ఒక కారు ఆగితే అదే కడుపు కొద్ది నిమిషాల్లో నిండుతుంది. దొరికినదాన్ని ముందు బుగ్గసంచుల్లో కుక్కేసుకుని, తర్వాత చెట్టెక్కి తీరిగ్గా నమలడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. లాక్కుని పారిపోవడానికి అది బాగా పనికొస్తుంది. మనిషిని చదవడం కూడా నేర్చుకుంది. కర్ణాటకలోని బండీపూర్‌లో ఈ జాతి కోతుల మీదే చేసిన పరిశోధన 2018లో వచ్చింది. చేతిలో తిండి ఉన్న మనిషి ముందు అవి చెయ్యి చాపి, కూ అని ప్రత్యేకంగా పిలిచి అడుగుతాయని, మనిషి తమవైపు చూస్తున్నాడో లేదో గమనిస్తాయని అందులో రాశారు. మనిషితో మాట్లాడడానికి అది సొంతంగా ఒక పద్ధతి కనిపెట్టుకుందన్నమాట.

ఈ తెలివికి అది కట్టే మూల్యం మొదట రోడ్డు మీద. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. తరాల తరబడి ఆ కోతులకి రోడ్డంటే తిండి. బిస్కెట్ ముక్క రోడ్డుకి అవతల పడితే పొట్టకి పిల్లని హత్తుకున్న తల్లి కూడా దాటుతుంది. బలిసిన మగకోతులు కారు దగ్గర ముందుంటాయి కాబట్టి, దూరంగా విసిరిన ముక్కల కోసం పరిగెత్తేవి తల్లులు, పిల్లకోతులే.

రెండోది కరెంటు. చెట్లు కొట్టేశాక ఊళ్ళో కోతికి మిగిలిన కొమ్మలు తీగలే. కాకి ఒక తీగ మీద కూర్చుంటే ఏమీ కాదు, ఎందుకంటే అది ఇంకోదాన్ని తాకదు. కోతి ఒళ్ళు, చేతులు పొడుగు. ఒక చెయ్యి తీగ మీద, తోకో కాలో స్తంభం ఇనుము మీద పడితే కరెంటు దాని ఒంట్లోంచి పోతుంది. చచ్చిపోయినవాటి సంగతి అలా ఉంచండి. బతికినవి పైకి అరచేతిలో చిన్న నల్లమచ్చతో వస్తాయి. లోపల కండ, రక్తనాళాలు మాడిపోయి ఉంటాయి, రోజులు గడిచేకొద్దీ చెయ్యి మొత్తం చచ్చుబడుతుంది. మొదటిరోజు చూసి "చిన్న గాయమేలే" అనుకుని వదిలేస్తే ఆ కోతికి చెయ్యి దక్కదు. వీధుల్లో మీరు చూసే ఒంటిచేతి కోతుల్లో కొన్ని ఇలాంటివి.

మూడోది అసలు కనబడనిది. ఊళ్ళో గుంపులు గుంపులుగా తిరుగుతుంటే ఈ కోతులు పెరిగిపోతున్నాయని మనకి అనిపిస్తుంది. కానీ మైసూరు చుట్టుపక్కల రోడ్ల వెంట చేసిన లెక్కల్లో పాతికేళ్ళలో సగానికి పైగా తగ్గిపోయాయి. ముఖ్య కారణాల్లో ఒకటి రోడ్ల వెడల్పు కోసం పాత మర్రి, రావి చెట్లు కొట్టేయడం. ఈ జాతిని ఇప్పుడు అంతర్జాతీయంగా ముప్పున్న జాతుల జాబితాలో పెట్టారు. చెట్టు పోయినచోట కోతి మన వంటింటికి వస్తుంది, మనకి ఎక్కువైనట్టు కనిపిస్తుంది. అప్పుడు వాటిని పట్టించి దూరంగా అడవి అంచున వదిలేస్తారు. అక్కడ సొంత గుంపు ఉండదు, ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో తెలియదు, ముందునుంచీ ఉన్న గుంపులు రానివ్వవు. అవి దగ్గర్లోని పల్లెకే చేరతాయి, అక్కడి వేరుశనగ చేను, మామిడితోట రైతుకి కొత్త గొడవ మొదలవుతుంది.

కాకి గురించి కొంచెమే చెప్తాను, ఎందుకంటే ముగ్గురిలో అదే కాస్త నయం. ఏదైనా తింటుంది, ఎవరినీ నమ్మదు, ఎక్కడ ఎప్పుడు తిండి దొరుకుతుందో గుర్తుంచుకుంటుంది. తద్దినం రోజు పిండం పెట్టేచోట వేళకి ముందే వచ్చి కూర్చుంటుంది, టిఫిన్ బండి మూసే వేళ కూడా దానికి తెలుసు. ఖర్చంతా పడేది గూట్లో ఉన్న పిల్లల మీద. పెద్దకాకికి ఇడ్లీముక్క సరిపోతుంది, ఎదిగే పిల్లకి పురుగులు కావాలి, మాంసకృత్తులు, కాల్షియం కావాలి. అమెరికాలో అక్కడి కాకుల మీద చూసినప్పుడు ఊరి గూళ్ళలోని పిల్లలు పల్లె గూళ్ళలో పిల్లలకన్నా చిన్నవిగా ఉన్నాయి, రక్తంలో ప్రొటీన్, కాల్షియం తక్కువున్నాయి. మన ఊరకాకి వేరే జాతి. కానీ వేపచెట్టు మీది గూట్లోకి ఉదయం నుంచి బూరె ముక్కలే వెళ్తుంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పుల్లలు దొరక్క కట్టుడు తీగతో, హ్యాంగర్ ముక్కలతో గూడు అల్లుతుంది. దాన్ని కరెంటు స్తంభం మీద పెడితే తీగలు కలిసి సరఫరా పోతుంది, లైన్‌మన్ దాన్ని తీసేయక తప్పదు. లోపల గుడ్లున్నాయా, పిల్లలున్నాయా అని చూసే వీలు ఉండదు.

ఇప్పుడు మీ ఇంటి పని. బాల్కనీలో గింజలు చల్లడం ఉంటే కొంచెం కొంచెంగా తగ్గించి మానేయండి. ఒకేచోట ఎక్కువ పావురాలు చేరితే అమ్మవారు లాంటివి నిజంగానే అంటుకుంటాయి, ఎండిన రెట్టల దుమ్ము పిల్లల ఊపిరితిత్తులకి మంచిది కాదు. రెట్ట ఊడ్చేముందు నీళ్ళు చల్లండి, మాస్కు పెట్టుకోండి. పూజ పూలు తీసేటప్పుడు దారాన్ని విడిగా తీసి, వేలెడు ముక్కలుగా కత్తిరించి చెత్తలో వేయండి. దువ్వెనలో వెంట్రుకలు కిటికీలోంచి వదలకుండా కాగితంలో చుట్టి పారేయండి.

కుంటేదాన్ని సాయంత్రం వెలుగు తగ్గాక పట్టుకోవడం తేలిక. చేతికి గ్లవ్స్ వేసుకోండి. ఒక్క వేలికే దారం ఉండి, పైకి కనబడుతుంటే నేను చెప్పినట్టు మీరే తీయొచ్చు. దారం చర్మం కింద మునిగిపోయినా, రెండు కాళ్ళకీ కలిపి పడినా ఇంట్లో ప్రయత్నించకండి. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పాతగుడ్డ పరిచి, మన ఊళ్ళోనే ఉన్న వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఈలోగా ఫోటో ఇక్కడ పెడితే చూస్తాను. వేలు ఊదారంగులో ఉంటే రేపే వెళ్ళాలి. నల్లగా ఎండిపోయి ఉంటే తొందర లేదు, ఆ వేలు ఎలాగూ పోయింది, కానీ అదే దారం పక్కవేలికి కూడా చుట్టుకుందేమో చూడాలి.